లేబుల్ మీద లేని దినుసు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం తీసుకునేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. గుళ్ళో ప్యాకింగు గదిలో పనిచేసే ఆడవాళ్ళంతా ఆవిణ్ణి భూతద్దం అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అమ్మగారూ అంటారు. ఈ రెండో పిలుపు వినగానే, మొదటిదేదో తన వెనకాల నడుస్తోందని ఆవిడకి అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజమే.

అనుమానం ఆవిడ పుట్టుగుణమని చెల్లెలంటుంది. నన్నడిగితే అది ఉద్యోగం నేర్పిన గుణం. పెళ్ళైన కొత్తలోనే భర్త పోతే, మందుల కంపెనీలో చేరి, మాత్రల అట్టల మీద తేదీలూ బ్యాచి నంబర్లూ సరిచూసే పనిలో తలనెరిసేదాకా గడిపింది. అక్కడ ఎవరి మాటా నమ్మకూడదు. పక్కనున్న మనిషి ఎంత మంచిదైనా సరే, ఆవిడ లెక్కపెట్టిన డబ్బాని మళ్ళీ లెక్కపెట్టాలి. అన్నేళ్ళు అలా బతికిన మనిషి ఇంటికొచ్చాక మారిపోతుందా? పాలవాడు పోసిన పాలని వేలిమీద చుక్కవేసి చూసుకునేది. కూరలమ్మి తూకం వేస్తుంటే తూకం కేసి కాక ఆమె బొటనవేలి కేసి చూసేది. పక్కింటివాళ్ళు ఊరికే పలకరిస్తే, ఏం అప్పడుగుతారో అని తలుపు సగమే తీసేది.

అందరికంటే ఎక్కువగా ఆవిడ అనుమానించిన మనిషి మరిది. చెల్లెలి మొగుడన్నమాట. గుడి వంటశాలకి అతనే పెద్ద, చెల్లెలు కూడా అక్కడే ప్రసాదం ఉండలు చుడుతుంది. మనిషి మితభాషి. పెళ్ళినాడు పీటల మీద కూర్చుని, ఎవరేం అడిగినా తలూపాడే తప్ప పెదవి విప్పలేదు. అంత తక్కువ మాట్లాడే మగాడు ఏదో దాస్తున్నాడని భూతద్దం ఆ రోజే తేల్చేసింది. ఏం దాస్తున్నాడో ఇన్నేళ్ళుగా తేలకపోవడం, అతని మంచితనానికి కాక గడుసుతనానికి రుజువని ఆవిడ లెక్క.

ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో, గుడి మేనేజరు కబురుపెట్టాడు. ఇన్నాళ్ళూ ప్రసాదం ఉండల్ని ఉత్త కాగితం పొట్లాల్లో చుట్టి అమ్మేవారు. ఇకమీదట ప్యాకెట్టు చేసి అమ్మేదేదైనా, అందులో ఏముందో, ఎప్పుడు చేశారో, ఎన్నాళ్ళు ఉంటుందో రాసి తీరాలని ఆహార భద్రత అధికారి వచ్చి చెప్పివెళ్ళాడు. మేనేజరు సొంతంగా ఒకటి రాసుకుని ఉంచాడు. భూతద్దం కళ్ళజోడు సవరించుకుని చదివింది. పరమ పవిత్రము, సకల శుభప్రదము, సర్వరోగ నివారకము అంటూ సగం కాగితం నిండింది.

"రోగాలు తగ్గుతాయని రాయకూడదండీ," అంది.

"దేవుడి ప్రసాదమమ్మా!"

"దేవుడి గురించి నేనేం అనట్లేదు. నేనడిగేది రవ్వ గురించి. ఇందులో రవ్వ ఉందా లేదా? మీరు రాసిన దాంట్లో దేవుడున్నాడు, రవ్వ లేదు."

మేనేజరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆవిడ లేబుల్ రాసిన తీరు చూడాల్సిందే. ముందు వంటశాల సామాను గదిలోకి వెళ్ళి, ఉండల కోసం ఏమేం బయటికి వెళ్తోందో దగ్గరుండి తూయించింది. బరువులో ఏది ఎక్కువో అది ముందు, ఏది తక్కువో అది చివర. పంచదార, గోధుమ రవ్వ, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్, ఏలకుల పొడి. మరిదిని ఎదురుగా నిలబెట్టి, సామాను గదిలోంచి ఇంకేమైనా తీసుకుంటారా అని అడిగింది. అతను లేదన్నట్టు తలూపాడు. ఉండ కట్టడానికి పాలు చిలకరిస్తారని పక్కవాళ్ళెవరో అంటే, ఆవిడ వెంటనే పట్టుకుంది. పాలు పడితే తడి చేరుతుంది, తడి చేరితే తొందరగా పాడవుతుంది. పాలు మానేసి వేడి నెయ్యితోనే కట్టమంది. అతను దానికీ తలే ఊపాడు.

తర్వాత కొన్ని ఉండల్ని తన గదిలో అలమరలో పెట్టి, రోజుకొకటి విరిచి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, ఎప్పటికి నెయ్యి కంపు మొదలవుతుందో చూసింది. కొన్నిటిని అధికారి చెప్పిన పరీక్షశాలకి పంపించింది. రెండుచోట్లా పదిరోజుల వరకూ బాగానే ఉన్నా, ప్యాకెట్టు మీద మాత్రం వారమే రాయించింది. జనం ఇళ్ళల్లో డబ్బా ఎక్కడ పెడతారో, తడి చేత్తో తీస్తారో ఎవరికి తెలుసు? ఆవిడకి జనం మీద కూడా అనుమానమే.

చివరికి ప్యాకెట్టు మీద అచ్చయిన ముక్కలివి. దినుసుల వరుస. బరువు. తయారైన తేదీ, బ్యాచి నంబరు, ఏ తేదీలోగా తినాలో ఆ తేదీ. తేమా ఎండా తగలనిచోట మూతపెట్టి ఉంచండి అని ఒక వాక్యం. వీటన్నిటికీ కింద, కాస్త పెద్ద అక్షరాల్లో: ఇందులో గోధుమ, పాల నుంచి వచ్చిన నెయ్యి, జీడిపప్పు ఉన్నాయి. ఇవి ఒంటికి పడనివారు తినవద్దు.

ఈ ఆఖరి వాక్యం దగ్గర మేనేజరు ఎగిరిపడ్డాడు. ప్రసాదం పడకపోవడమేమిటి, అపచారం కాదా అన్నాడు. "పడనిది ప్రసాదం కాదండీ, జీడిపప్పు," అని భూతద్దం అదే పట్టు పట్టింది.

అమ్మే గది దగ్గర గోడకి నోటీసు కూడా ఆవిడే రాసింది. ప్రసాదం తినేముందు చేతులు కడుక్కోండి, తేదీ దాటినా రంగు మారినా వాసన వచ్చినా తినకండి, మీకేదైనా పడదని తెలిస్తే ముందు ప్యాకెట్టు చదవండి, చదవడం రాకపోతే కిటికీలో అడగండి, చదివి చెబుతాం. లోపల పనివాళ్ళకి ఇంకో నోటీసు. జుట్టుకి గుడ్డ కట్టుకోవాలి, గాజులూ ఉంగరాలూ తీసేయాలి, జ్వరమో విరేచనాలో చేతిమీద పుండో ఉంటే ఆ రోజు ఉండలు ముట్టుకోకూడదు, ఉండలు పూర్తిగా చల్లారాకే ప్యాకెట్లో పెట్టాలి. వేడిమీద మూసేస్తే లోపల చెమటపట్టి బూజు వస్తుందని ఆడవాళ్ళకి అరిచి అరిచి చెప్పింది. పనివాళ్ళు విసుక్కున్నారు గానీ, బూజు ఫిర్యాదులు ఆగిపోయాక తిట్టుకోవడం కూడా తగ్గించారు.

రోజూ తళిగలు నైవేద్యమయ్యాక ప్యాకింగు గదికి వస్తాయి. తళిగ అంటే ఉండలు పేర్చిన పెద్ద ఇత్తడి పళ్ళెం. నైవేద్యం కాకముందు వంటశాలలో ఎవరూ రుచి చూడరు. అది అక్కడి కట్టుబాటు. అందుకని వచ్చిన తళిగలోంచి భూతద్దం ఒక ఉండ తీసి, విరిచి, లోపల చూసి, ఇంకొన్నింటిని తేదీ రాసిన సీసాలో నమూనాగా దాచి, అప్పుడే ముద్ర వేయమనేది. మరిది గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆవిడ చూసేది ఉండనా తననా అన్నది అతనికి తెలియకుండా ఉంటుందా?

మొదట్లోనే ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి, పక్కన చిన్నపాప. ప్యాకెట్టుని అటూ ఇటూ తిప్పి అక్షరమక్షరం చదివింది.

"ఇందులో వేరుశనగ లేదు కదండీ? మా పాపకి అస్సలు పడదు. ఒకసారి చిన్న పలుకు తింటేనే ఆస్పత్రికి పరిగెత్తాం."

"రాసింది చూశారుగా," అంది భూతద్దం, కొంచెం గర్వంగానే. "లేబుల్ మీద లేనిది లోపల ఉండదమ్మా."

పాప అప్పటిదాకా ప్రసాదం రుచే ఎరగదట. ఆ తర్వాత అప్పుడప్పుడూ వచ్చి ఒక ప్యాకెట్టు కొనుక్కుని, మెట్లమీదే కూర్చుని తినేది.

అలా కొన్ని నెలలు సాఫీగా గడిచాయి. ఒక రోజు పొద్దున్న ఆ కుట్టుపనావిడ మళ్ళీ వచ్చింది, ఒక్కతే. చేతిలో సగం ఖాళీ అయిన ప్యాకెట్టు. కిటికీలోంచి కాకుండా, తలుపు తోసుకుని నేరుగా గదిలోకే వచ్చేసింది.

"మీరే కదా ఇది రాసింది?"

భూతద్దం అవునంది.

"నిన్న మా పాప ఇది తిన్న కాసేపటికే మొహం ఉబ్బింది, గొంతు పూడుకుపోయింది. ఊపిరి అందలేదండీ. డాక్టరిచ్చిన సూదిమందు ఎప్పుడూ నా సంచీలోనే ఉంటుంది కాబట్టి పొడిచి, ఆస్పత్రికి ఎత్తుకుపోయాను. ఇంకా అక్కడే ఉంది. బతికిందిలెండి. డాక్టరు వేరుశనగే తిన్నదన్నాడు. నిన్నంతా ఇంట్లో అన్నం తప్ప ఇది ఒక్కటే తిన్నది."

గదిలో ఉండలు పెడుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"కాగితం పొట్లాలప్పుడు పాపకి ఎన్నడూ పెట్టలేదు నేను. ఎంత ఏడ్చినా పెట్టలేదు. మీరు రాశారు కాబట్టే పెట్టాను."

అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అంది, ప్యాకెట్టు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

భూతద్దం ప్యాకెట్టు మీద బ్యాచి నంబరు చూసి, ఆ రోజు నమూనా సీసా దించింది. ఒక్కో ఉండా తెల్లకాగితం మీద పొడిచేసి, పలుకు పలుకూ వేరు చేసింది. మొదటి రెండింటిలో జీడిపప్పే. మూడోదాంట్లో, రవ్వ రంగులో కలిసిపోయి, చిన్న పలుకు. ఒక పక్కన ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది. వాసన చూసింది. వేయించిన వేరుశనగ. పొడి చేసి వేశారు కాబట్టి ఆ పొద్దున్న విరిచి చూసినప్పుడు కనపడలేదు. లేకపోతే విరిచిన ఉండలో అసలు లేనే లేదేమో.

ఆవిడ ఆ పలుకుని కాగితంలో మడిచింది. ఆ తర్వాత వెంటనే, ఒక పేరులేని నెమ్మది కలిగింది. అది కూడా ఇక్కడ చెప్పాల్సిందే. ఇన్నేళ్ళకి దొరికాడు అనుకుంది.

దినుసు కాని దినుసు ఉండలోకి ఎలా వచ్చింది? ఆవిడ లెక్కలో దీనికి ఒకటే జవాబు. జీడిపప్పు ఖరీదైంది. అది ఇంటికి పోతోంది, దాని బదులు వేరుశనగ పడుతోంది. మరిది రోజూ ఇంటికి ఒక మూత డబ్బా పట్టుకెళ్తాడు. ఆ డబ్బాని ఆవిడ ఎన్నిసార్లు చూడలేదూ!

మేనేజరుకి చెప్పింది. ముందు అమ్మకం ఆపించింది. ఆ బ్యాచి ప్యాకెట్లు ఎవరి దగ్గరున్నా తినవద్దు, వేరుశనగ కలిసింది, తెచ్చి ఇచ్చేయండి అని మైకులో చెప్పించి, కిటికీ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది. అధికారికి ఫోను చేయించింది. అన్నీ చేశాక మేనేజరుతో కలిసి వంటశాలకి నడిచింది.

మరిది పెద్ద బాండీ గీకుతున్నాడు. మేనేజరు సంగతంతా చెప్పాడు. పాప ఆస్పత్రిలో ఉందన్న మాట దగ్గర అతని చేతిలో గరిట ఆగింది.

"ఉండల్లోకి వేరుశనగ ఎలా వచ్చింది?" అని భూతద్దమే అడిగింది.

అతను ఒకసారి పక్క గుమ్మం వైపు చూశాడు. గరిట బాండీలో పెట్టాడు. తర్వాత, "నేనే వేశాను వదినా," అన్నాడు.

"ఎందుకు?"

"వేశాను."

"జీడిపప్పు ఏమైంది?"

అతను ఆవిడ కేసి చూశాడు. ఆ ప్రశ్న అర్థంకావడానికి అతనికి కాస్త సమయం పట్టినట్టుంది. అర్థమయ్యాక మొహం వాడిపోయింది. మూలనున్న మూత డబ్బా తెచ్చి, ఆవిడ ముందు తెరిచిపెట్టాడు. లోపల బాండీ అడుగున మాడిన రవ్వ గోకు. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ మాడు ఇష్టం.

ఆ డబ్బా చూసి ఇంకెవరైనా సిగ్గుపడేవారు. మన భూతద్దం మాత్రం, ఇవాళ జాగ్రత్తపడ్డాడు అనుకుంది. అంత గట్టిది ఆ అనుమానం.

మేనేజరు చేతులెత్తేశాడు. రేపు మధ్యాహ్నం కమిటీ పెద్దలొస్తారు, ఒప్పుకున్నాక ఇంక చెప్పేదేముంది, వంటశాల నుంచి తీసేయడమే, అధికారి పోలీసుల దగ్గరికి వెళ్ళకపోతే అదృష్టం అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ పొయ్యి ముందే నిలబడిన మనిషి, సరేనని తలూపాడు.

ఆ రోజు చెల్లెలింటికి వెళ్ళాలా వద్దా అని భూతద్దం తెగ తన్నుకులాడింది. వెళ్ళి ఏం చెప్పాలి? నీ మొగుడు దొంగ అని నేను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నానని చెప్పాలా? వెళ్ళలేదు. కమిటీ ముందు నోటిమాట సరిపోదని, సాక్ష్యం కావాలని అనుకుంది. ప్రసాదం అమ్మకపోయినా నైవేద్యం ఆగదు కదా, పొద్దున్నే వంటశాలలో పొయ్యి వెలుగుతుంది. వేరుశనగ ఏ దారిలో లోపలికి వస్తోందో కళ్ళారా చూస్తానని మర్నాడు చీకటితోనే బయల్దేరింది.

వంటశాలలో రవ్వ వేగుతోంది. మరిది ఆవిణ్ణి చూసి మళ్ళీ బాండీలోకి వంగాడు. ఉండలు చుట్టే ఆడవాళ్ళలో చెల్లెలు కూడా రోజూ ఉంటుంది, ఇవాళ లేదు. ఏదీ అని అడిగితే, రావద్దని వంటాయనే చెప్పారన్నారు. ఆ మాటకి భూతద్దం చెవులు రిక్కించింది. పెళ్ళాన్ని కూడా రానివ్వకుండా ఏం చేయబోతున్నాడు?

చెల్లెలు కూర్చునే పీట పక్క గుమ్మం దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి బాండీ, సామాను గది, మరిది రెండు చేతులూ బాగా కనపడతాయి. భూతద్దం ఆ పీట మీదే కూర్చుంది. అతను జీడిపప్పు తెచ్చాడు. తూచినంతా బాండీలో పడింది. నెయ్యి పడింది. ఏలకుల పొడి పడింది. అతని చేతులు ఎక్కడికీ పోలేదు. ఆవిడ రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది.

"అమ్మా, ఏమమ్మా!"

గుమ్మం బయటి నుంచి ఎవరో పిలిచారు. వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ముసలావిడ. పమిట కొంగు ముడి విప్పుతోంది.

"ఇవాళ మీ చెల్లెలు లేదా? పోనీ నువ్వే వెయ్యి తల్లీ. అల్లుడికి పని దొరికింది. మొక్కుకున్నా."

ఏం జరుగుతోందో తెలిసేలోపే, ముసలావిడ చేయి చాపి, ఆవిడ అరచేతిలో ఒక పిడికెడు పోసింది. వేయించి, నలిపి, పొట్టు ఊదిన వేరుశనగ. ఇంకా కాస్త వెచ్చగా ఉంది.

భూతద్దం ఆ పిడికెడు కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇది... ఎక్కడ వేయాలి?"

"ఎక్కడేమిటి, బాండీలో. చల్లారకముందే వెయ్యి. మీ చెల్లెలు ఎప్పుడూ అలాగే వేస్తుంది. డబ్బున్నవాళ్ళు నెయ్యి డబ్బాలిస్తారు, నాబోటి దానికి ఇదే కదమ్మా. మొన్న ఆ చెప్పుల కొట్టాయన నువ్వులు తెచ్చాడు. నేను కూడా మొన్న ఒకసారి తెచ్చా, అప్పుడూ ఆవిడే వేసింది. దేవుడి నోట్లోకి వెళ్ళాలిగా!"

వంటశాలలో చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇందులో రహస్యమేముందన్నట్టు తమ పని చేసుకుంటున్నారు. అందరికీ తెలిసిన సంగతి. అది దొంగతనం కాదు, దాపరికం కాదు. అక్కడి వాళ్ళ దృష్టిలో దినుసంటే సామాను గదిలోంచి వచ్చేది. కొంగు ముడిలోంచి వచ్చేది మొక్కు. సామాను గదిలోంచి ఇంకేమైనా తీసుకుంటారా అని ఆవిడ అడిగింది. లేదన్నాడు. నిజమే చెప్పాడు. గుమ్మంలోంచి ఏమైనా వస్తుందా అని ఆవిడ అడగలేదు. మందుల కంపెనీలో గుమ్మంలోంచి మాత్రలు రావు కాబట్టి, ఆ ప్రశ్నే తట్టలేదు.

అంతమందిని అనుమానించిన మనిషి, చెల్లెల్ని ఒక్కదాన్నే ఎన్నడూ అనుమానించలేదు. ఆ చేతులు కడిగాయా లేదా అని చూసింది, గాజులు తీసిందా అని చూసింది. ఆ చేతుల్లో ఏముందో చూడలేదు.

మరిది బాండీ దించి ఇటు తిరిగాడు. ఆవిడ అరచేతిలో ఉన్నది చూశాడు.

"వదినా," అన్నాడు. గొంతు తగ్గించాడు. "దానికి చెప్పొద్దు. దాని చెయ్యి వల్ల పసిపిల్లకి అలా అయిందని తెలిస్తే అది అన్నం తినదు. నా ఉద్యోగం పోతే పోతుంది. వయసైపోయింది, ఎలాగూ మానేద్దామనే అనుకుంటున్నా."

మానేద్దామని ఏమీ అనుకోవట్లేదు. అబద్ధం చెప్పడం అలవాటులేని మనిషి కాబట్టి కళ్ళు వేరే ఎటో ఉన్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. వంటశాలలో ఏడవకూడదు, కన్నీళ్ళు తుడుచుకుంటే మళ్ళీ చేతులు కడుక్కోవాలి. గట్టిగా ముక్కు బిగించి, పిడికిలి మూసుకుని, ముసలావిడతో, "ఇది లోపల వేయనమ్మా. నీ పేరు చెప్పి దేవుడి ముందు వేరే పళ్ళెంలో పెట్టించి, నీకే తెచ్చి ఇస్తాను," అంది. ముసలావిడ అనుమానంగా చూసింది. మొదటిసారి ఎవరో తనని అలా చూడటం భూతద్దానికి కొత్తగా ఉంది.

మధ్యాహ్నం కమిటీ పెద్దల ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. నిన్న నేను చెప్పింది తప్పు, జీడిపప్పు ఎక్కడికీ పోలేదు, ఆయన ఒప్పుకున్నది అబద్ధం. మొక్కు పిడికిళ్ళు బాండీలో పడుతున్నాయి. వేసింది నా చెల్లెలు. అలా వేయడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ, అందరికీ తెలుసు. తెలియంది లేబుల్ రాసిన నాకే. ఇది చెబుతున్నంతసేపూ మరిది తల వంచుకుని ఉన్నాడు, తనని కాపాడుతున్నట్టు కాక పట్టిస్తున్నట్టు.

పెద్దల్లో ఒకాయన, దీనికి సులువైన దారి ఉంది కదా, వేరుశనగ ఉండవచ్చు అని లేబుల్ మీద ఒక ముక్క వేసేస్తే ఆనవాయితీ సాగుతుంది అన్నాడు. భూతద్దం ఒప్పుకోలేదు. "రేపు ఎవరో నువ్వులు తెస్తారు. ఎల్లుండి ఇంకేదో తెస్తారు. తెలిసి తెలిసి బాండీలో వేస్తూ, ఉండవచ్చు అని రాయడం మోసమండీ. లోపలేముందో మనకే తెలియకపోతే ఏమని రాయను?" అంది. చివరికి మొక్కు పిడికిళ్ళు వంటశాల గుమ్మం దాటకూడదని తేల్చారు. వాటికి బయట వేరే బల్ల, వేరే పళ్ళేలు. నైవేద్యమయ్యాక తెచ్చినవాళ్ళకే తిరిగి ఇస్తారు. బాండీలూ తళిగలూ పీటలూ అన్నీ వేడినీళ్ళతో, సబ్బుతో తోమి, పాత సరుకంతా తీసేసి, నమూనాలు పరీక్షకి పంపి, ఫలితం వచ్చేదాకా అమ్మకం లేదన్నారు. మరిది ఉద్యోగం నిలిచింది. చెల్లెల్ని మాత్రం ఉండలు చుట్టే పని నుంచి తీసి, బయట మొక్కుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

చెల్లెలికి ఆ సంగతి భూతద్దమే వెళ్ళి చెప్పింది. ఇంకొకరి నోట వినకూడదని. చెల్లెలు విన్నంతసేపూ విని, "పాప ఎలా ఉంది?" అని అడిగింది. ఇంటికొచ్చేసిందని చెబితే తలూపింది, మొగుడిలాగే. తర్వాత, "మా ఆయన్ని దొంగ అనుకున్నావా అక్కా?" అంది. భూతద్దం అవునంది. చెల్లెలు లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి అక్కతో మాటల్లేవు. మొక్కుల బల్ల ముందు నుంచి ఆవిడ వెళ్తుంటే, పళ్ళేల కేసి చూస్తూ కూర్చుంటుంది.

భూతద్దం కుట్టుపనావిడ ఇంటికీ వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి, ఎలా జరిగిందో మొత్తం చెప్పింది. ఆవిడ మిషను ఆపకుండానే వింది. ఇప్పుడు నమ్మొచ్చా అని అడిగింది. "మీరు పెట్టకండి," అంది భూతద్దం. "బయటి బల్ల మీద వేరుశనగ ఇంకా వస్తూనే ఉంటుంది. మేం కలపం. అయినా అదే ఆవరణ, అదే గాలి. అందుకని, తగిలే అవకాశం ఉందని లేబుల్ మీద రాశాను. ఆ మాట మీ పాప కోసమే రాశాను." మిషను అప్పుడు ఆగింది. ఆవిడ కూర్చోమని పీట చూపించింది.

పరీక్షల్లో వేరుశనగ జాడ ఏమీ లేదని కబురొచ్చాక, మళ్ళీ అమ్మకం మొదలైంది. మొదటి రోజు పొద్దున్న మరిది తళిగ మోసుకొచ్చి, ప్యాకింగు గది బల్లమీద దించి, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

భూతద్దానికి అతని మొహంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. క్షమించమని ఎలా అడగాలో ఆవిడకి రాదు, ఆ విద్య ఎప్పుడూ నేర్చుకోలేదు. అందుకని తనకి తోచినట్టు అడిగింది. ఉండ విరవలేదు. తళిగ కేసి కూడా చూడలేదు. "మీరు తెచ్చారుగా, ఇంక చూసేదేముంది," అని, ముద్ర వేయమని ఆడవాళ్ళకి చెప్పబోయింది.

"వదినా."

ఆ గొంతులో కోపం ఉంది. అతనికి కోపం వస్తుందని గదిలో ఎవరికీ తెలియదు.

"చూడకుండా వేయిస్తావేం?"

"ఇన్నాళ్ళు అనవసరంగా మిమ్మల్ని..."

"అనవసరం ఏమిటి? పక్కగుమ్మం సంగతి నాకూ తెలుసు, నేను చెప్పలేదు. రేపు ఇంకేదో నాకు తెలిసి చెప్పకపోవచ్చు, తెలియక చెప్పకపోవచ్చు. నువ్వు నన్ను నమ్ముతావు, బాగానే ఉంది. ఆ పాపకి నేనెవరో తెలుసా? ఆ ప్యాకెట్టు మీద నీ రాత ఒక్కటే తెలుసు." ఇన్నేళ్ళలో ఒక్కసారిగా అతను మాట్లాడిన అతిపెద్ద మాట అదే. తళిగని ఆవిడ ముందుకి తోశాడు. "అనుమానించు. నా మీద అభిమానమంటూ ఉంటే అనుమానించు."

భూతద్దం కళ్ళజోడు తీసి తుడుచుకుంది, కళ్ళు కూడా తుడుచుకుంది. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. తళిగ మధ్యలోంచి ఒక ఉండ తీసి, దీపం కిందకి తెచ్చి, విరిచి, తెల్లకాగితం మీద పొడిచేసి, పలుకు పలుకూ వేరు చేయడం మొదలుపెట్టింది. మరిది గుమ్మం దగ్గరే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, ఎక్కడ దొరికిపోతానో అన్నట్టు.